పందుల్లో స్వైన్ ఫీవర్: గుర్తించడం, అనుమానం వచ్చిన తొలి రోజుల్లో చేయవలసినవి, టీకా

పట్టణ శివారులో ఒక చిన్న షెడ్డును ఉదాహరణగా తీసుకుందాం. అందులో 5 ఆడ పందులు, 1 మగ పంది, నాలుగు నెలల వయసున్న ఎదిగే పిల్లలు 14, పాలు మానిన ఆరు వారాల పిల్లలు 22, మొత్తం 42 సీమ పందులు ఉన్నాయి. యజమాని రోజూ సాయంత్రం హోటళ్ల నుంచి, హాస్టళ్ల నుంచి మిగిలిన అన్నం, కూరలు డ్రమ్ముల్లో తెచ్చి పెడుతున్నాడు. పది రోజుల కిందట సంతలో తక్కువ ధరకు వచ్చాయని కొన్న రెండు పిల్లలను అదే రోజు ఎదిగే పిల్లల గదిలో కలిపేశాడు. సోమవారం ఉదయం తొట్టిలో మేత పోయగానే 13 పిల్లలు ఎగబడి వచ్చాయి, ఒకటి మాత్రం గోడ వారన పడుకొనే ఉంది. ఆ యజమాని ఆ రోజు ఏం చేస్తాడన్న దాన్ని బట్టి మిగిలిన 41 పందుల గతి, చాలావరకు ఆ చుట్టుపక్కల షెడ్ల గతి కూడా నిర్ణయమవుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిని ఆ షెడ్డు చుట్టూనే నడుపుతాను.

ఇది ఏ జబ్బు, ఏది కాదు

పశువైద్యులు క్లాసికల్ స్వైన్ ఫీవర్ అనీ, పాత పుస్తకాలు హాగ్ కలరా అనీ, పెంపకందారులు పంది జ్వరం అనీ పిలిచే ఈ వ్యాధిని కలిగించేది ఒక వైరస్. పశువుల్లో పారుడు తెచ్చే బీవీడీ వైరస్‌కు ఇది దగ్గరి చుట్టమే అయినా, ఇంటి పందులకూ అడవి పందులకూ తప్ప వేరే జంతువుకు జబ్బు తెప్పించదు. మనుషులకు ఇది రాదు. 2009లో వార్తల్లో మోగిన స్వైన్ ఫ్లూతో దీనికి పేరులో పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. ఈ గందరగోళం వల్ల కొందరు పెంపకందారులు ఊళ్లోవాళ్లు గొడవ చేస్తారని భయపడి జబ్బును దాచిపెడతారు. ఆ దాపరికమే వైరస్‌కు కలిసివస్తుంది.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మాత్రం పూర్తిగా వేరే వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు. అది మన దేశంలో మొదటిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో నిర్ధారణ అయింది. లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి షెడ్డులో నిలబడి చూసి ఇది ఫలానాదేనని ఎంత అనుభవమున్న పశువైద్యుడూ చెప్పలేడు. క్లాసికల్ జబ్బుకు మంచి టీకా ఉంది, ఆ టీకా ఆఫ్రికన్ జబ్బును ఏమాత్రం ఆపదు. అందుచేత పరీక్ష ఫలితం వచ్చేదాకా రెండింటిలో ఏదైనా కావచ్చన్న జాగ్రత్తతోనే నడుచుకోవాలి.

లక్షణాలు: ఎప్పుడు, ఎక్కడ చూడాలి

వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు రోజుల నుంచి రెండు వారాల వరకు పడుతుంది. మన ఉదాహరణలో సంత పిల్లలు వచ్చి పది రోజులే అయిందన్న సంగతి అందుకే ముఖ్యం. అవి కొన్నప్పుడు ఆరోగ్యంగానే కనిపించి ఉంటాయి, అమ్మినవాడు మోసం చేయకపోయినా ఉండవచ్చు.

మొదట వచ్చేది జ్వరం, చివరగా వచ్చేవి చర్మం మీది ఊదారంగు మచ్చలు. చాలామంది మచ్చలు కనిపించేదాకా ఎదురుచూస్తారు. అప్పటికి ఆ పంది నాలుగైదు రోజులుగా చీమిడి, లాలాజలం, పేడ, మూత్రం ద్వారా వైరస్‌ను వదులుతూ ఉంటుంది. కాబట్టి పందులు పెంచేవారి దగ్గర తప్పక ఉండవలసిన పనిముట్టు థర్మామీటరు. పంది పడుకొని ఉన్నప్పుడు, పొద్దున్నే మేతకు ముందు, వేడి తగలని వేళలో మలద్వారంలో థర్మామీటరు పెట్టి, దాని కొన మలద్వారం లోపలి గోడకు ఆనేలా కొంచెం వాల్చి రెండు నిమిషాలు ఉంచాలి. పేడలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. ఆరోగ్యమైన పందికి 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. స్వైన్ ఫీవర్‌లో 105 నుంచి 107 వరకు చేరి, మామూలు జ్వరం మందులకు కాస్త తగ్గినట్టు కనిపించినా మళ్లీ ఎక్కి రోజుల తరబడి నిలుస్తుంది. పందిని తరిమి, పట్టుకొని చూస్తే భయానికే ఒక డిగ్రీ పెరుగుతుంది కాబట్టి ఆ అంకెను నమ్మకూడదు.

రెండో సంకేతం పడుకునే తీరు. ఎండాకాలంలో ఆరోగ్యమైన పందులు ఒకదానికొకటి దూరంగా, తడి నేల వెతుక్కొని కాళ్లు చాచి పడుకుంటాయి. జ్వరం పట్టినవి మాత్రం బయట ఎండ మండిపోతున్నా చలికాలంలోలాగా ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకొని వణుకుతాయి. షెడ్డు బయట నుంచి లోపలికి అడుగు పెట్టకుండానే చూడగలిగిన గుర్తు ఇది, నా మట్టుకు నేను మొదట చూసేది కూడా ఇదే. లేపితే లేస్తాయి, తొట్టి దాకా వచ్చి ముట్టె పెట్టి, తినకుండా వెనక్కి వెళ్లి పడుకుంటాయి.

తరువాత రెండు మూడు రోజుల్లో కళ్ల నుంచి పుసి కారి రెప్పలు అంటుకుపోతాయి. ముందు మలబద్ధకం వచ్చి పేడ మేక పెంటికల్లా గట్టిపడుతుంది, ఆ తరువాత పసుపు రంగులో నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఈ వరుసను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చాలామంది విరేచనాలను మాత్రమే చూసి మేత పడలేదనుకుంటారు. నడకలో వెనక కాళ్లు తూలుతాయి, ఒకదానికొకటి అడ్డం పడతాయి, కొన్ని కుక్కలా వెనక భాగం నేలకు ఆనించి కూర్చుండిపోతాయి, పిల్లల్లో ఫిట్లు కూడా రావచ్చు. చెవుల కొనలు, పొట్ట కింద, తొడల లోపల, తోక దగ్గర చర్మం ఎర్రబడి క్రమంగా ఊదారంగుకు తిరగడం ఆఖరి దశ. తెల్లని యార్క్‌షైర్ పందుల్లో ఇది దూరం నుంచే కనిపిస్తుంది కానీ నల్లని నాటు పందుల్లో కనిపించదు. వాటిలో కంటి రెప్ప లోపల, చిగుళ్ల మీద, పొట్ట కింద వెంట్రుకలు పలుచగా ఉన్న చోట వెతకాలి. తీవ్రమైన రూపంలో పిల్లల్లో అత్యధిక భాగం ఒకటి నుంచి మూడు వారాల్లోపు చనిపోతాయి.

జబ్బు పాకే వేగాన్ని కూడా గమనించాలి. ఒక్క రాత్రిలో పది పందులు చనిపోతే ముందుగా అనుమానించవలసింది విషం, ఉప్పు ఎక్కువై నీరు అందకపోవడం, వడదెబ్బ. స్వైన్ ఫీవర్‌లో ఒక గదిలో ఒకటి, రెండు రోజుల తరువాత ఇంకో మూడు, వారానికి పక్క గది అన్నట్టుగా జబ్బు నడుస్తుంది. చర్మం మీద పలకల ఆకారంలో ఉబ్బిన ఎర్రని మచ్చలు ఉండి, పెన్సిలిన్ ఇచ్చిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగితే అది ఎరిసిపెలాస్ అనే బ్యాక్టీరియా జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. స్వైన్ ఫీవర్ యాంటీబయోటిక్‌కు లొంగదు.

పైకి కనిపించని రూపం

తీవ్ర రూపం భయపెడుతుంది గానీ, జబ్బును ఏళ్ల తరబడి ఒక ప్రాంతంలో నిలిపి ఉంచేది ఈ రెండో రూపం. చూడితో ఉన్న ఆడ పందికి వైరస్ సోకినప్పుడు దానికి కాస్త జ్వరం వచ్చి తగ్గిపోవచ్చు, అసలు ఏమీ కనిపించకపోవచ్చు. వైరస్ మాత్రం మాయను దాటి గర్భంలోని పిల్లలకు చేరుతుంది. చూడి తొలి రోజుల్లో సోకితే పిండాలు చనిపోవడం, ఈసుకుపోవడం, ఎండిన పిల్లలు పుట్టడం జరుగుతుంది. పంది చూడి కాలం దాదాపు 114 రోజులు కాగా, అందులో సుమారు 50 నుంచి 70 రోజుల మధ్య సోకితే పిల్లలు బతికి, మామూలుగానే పుట్టవచ్చు. అయితే వాటి శరీరం ఆ వైరస్‌ను పరాయిదిగా గుర్తించదు, కాబట్టి దాన్ని ఎదిరించదు. అలాంటి పిల్ల నెలల తరబడి వైరస్‌ను వదులుతూ, మిగతావాటికంటే పొట్టిగా, వెంట్రుకలు రేగి, నెమ్మదిగా క్షీణించి చనిపోతుంది. దానికి టీకా వేసినా పట్టదు. ఒక ఈతలో రెండు మూడు పిల్లలు ఎదగకుండా మిగిలిపోయి, పుట్టినప్పుడు కొన్నిటికి ఒళ్లు వణికి, అదే ఆడ పందికి చచ్చిన పిల్లలు కూడా పుట్టి ఉంటే, బలహీనమైన ఈత అని వదిలేయకుండా పరీక్ష చేయించాలి. సంతల్లో చౌకగా అమ్ముడుపోయేవి తరచుగా ఇలాంటి పిల్లలే.

అనుమానం వచ్చిన రోజు

మన షెడ్డుకు వద్దాం. సోమవారం ఉదయం 6 గంటలకు పడుకొని ఉన్న పిల్లకు థర్మామీటరు పెడితే 106.2 వచ్చింది. అదే గదిలో తింటున్న 13 పిల్లలకు కూడా చూస్తే, పైకి బాగానే ఉన్న మరో రెండింటికి 105 దాటి ఉంది. ఈ రెండో కొలతే అసలు సమాచారం. ఒక పందికి జ్వరం ఉంటే ఏదైనా కావచ్చు, ఒకే గదిలో మూడింటికి ఉంటే అంటువ్యాధిగానే లెక్కించాలి.

ఈ దశలో పెంపకందారుల నోట ఎక్కువగా వినిపించే మాట, "రెండు పూటలు చూద్దాం సార్, తగ్గకపోతే తోలేద్దాం." తోలేయడమంటే కటికవాడికి అమ్మేయడం. నష్టం తగ్గించుకోవాలన్న ఆరాటం అర్థం చేసుకోదగినదే. కానీ జ్వరంతో కోసిన పంది మాంసంలో వైరస్ చల్లని చోట వారాల నుంచి నెలల దాకా, గడ్డకట్టించినప్పుడు ఏళ్ల దాకా బతికి ఉంటుంది. ఆ మాంసం కడిగిన నీళ్లు, ముక్కలు, ఎముకలు హోటల్ డ్రమ్ములోకి చేరి మరో షెడ్డు తొట్టిలోకి వెళ్తాయి. కాబట్టి ఆ క్షణం నుంచి షెడ్డులోకి పంది రాకూడదు, షెడ్డు నుంచి పంది గానీ మాంసం గానీ పేడ గానీ బయటకు పోకూడదు. మగ పందిని పక్క ఊరి ఆడ పందులకు కట్టించడానికి పంపే అలవాటు ఉంటే అదీ ఆపాలి, వీర్యం ద్వారా కూడా జబ్బు పోతుంది.

రెండో పని కబురు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం జాబితాలోని వ్యాధి ఉందని అనుమానించిన యజమాని గ్రామాధికారికి లేదా పంచాయతీ బాధ్యుడికి తెలియజేయాలి, జబ్బు పందులను విడదీసి ఉంచాలి. అనుమానం చాలు, నిర్ధారణ చేయడం యజమాని పని కాదు. ఆచరణలో మండల పశువైద్యాధికారికి నేరుగా ఫోన్ చేయడం, అందకపోతే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పనిచేస్తున్న సంచార పశువైద్య సేవల నంబరు 1962కు చేయడం వేగంగా జరిగే పని. పందులకు బాగాలేదు, రండి అంటే ఆ కబురు వరుసలో వెనక్కి పోతుంది. ఇలా చెప్పాలి: "42 పందుల షెడ్డు. నాలుగు నెలల పిల్లలున్న గదిలో 14లో మూడింటికి 105 నుంచి 106 జ్వరం, ఒకటి మేత మానింది, గుట్టగా పడుకుంటున్నాయి. పది రోజుల కిందట సంతలో రెండు కొన్నాను. స్వైన్ ఫీవర్ టీకా వేయించలేదు. ఇంతవరకు ఏదీ చనిపోలేదు." ఈ ఐదు ముక్కలు విన్న వైద్యుడు నమూనాల సామగ్రితోనే బయలుదేరుతాడు.

మూడో పని షెడ్డు లోపలి క్రమం. జ్వరం ఉన్న మూడింటిని వేరే చోటికి మార్చాలని వెంటనే అనిపిస్తుంది. అయితే వాటిని మిగతా గదుల ముందు నుంచి నడిపించుకొని వెళ్తే దారంతా వైరస్ చల్లినట్టే. ఆ గది మొత్తాన్ని జబ్బు గదిగా భావించి, 14 పిల్లలనూ అక్కడే ఉంచి, గదికే అడ్డుకట్ట వేయడం మేలు. ఒకే మనిషి అన్ని గదులూ చూడవలసి వస్తే ముందుగా ఆరు వారాల పిల్లలు, తరువాత ఆడ పందులు, చివరగా ఆ గది అన్న వరుస తప్పకూడదు. ఆ గదికి విడిగా ఒక బకెట్, ఒక పార, ఒక జత గమ్‌బూట్లు ఉండాలి. ఆ గదిలో పని ముగిశాక స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా వేరే పందుల దగ్గరికి వెళ్లకూడదు. పక్క షెడ్డు యజమాని చూడడానికి వస్తానంటే గేటు బయటే మాట్లాడి పంపాలి. మొహమాటం ఎక్కువగా దెబ్బతీసేది ఇక్కడే.

చేయకూడని పని ఒకటుంది. వైద్యుడు రాకముందే మందుల దుకాణం నుంచి టీకా తెచ్చి అన్నిటికీ పొడిచేయకూడదు. అప్పటికే వైరస్ ఒంట్లో ఉన్న పందులను టీకా కాపాడదు. ఒకే సూదితో వరుసగా పొడిస్తే జ్వరం ఉన్న పంది రక్తం తరువాతి పందిలోకి వెళుతుంది. పైగా ఇది బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకా కావడంతో, వేసిన తరువాత తీసిన నమూనాల్లో కనిపించేది జబ్బు వైరసా టీకా వైరసా అన్న సందేహం వస్తుంది. ముందు నమూనాలు, తరువాతే టీకా.

నమూనాలు, శవపరీక్ష

బతికి ఉన్న పందుల్లో జ్వరం బాగా ఉన్నవాటి నుంచి గడ్డకట్టకుండా ఈడీటీఏ గొట్టంలో తీసిన రక్తం ఎక్కువగా పనికొస్తుంది. జబ్బు మొదలైన రోజుల్లోనే రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, చావబోతున్న పందికంటే నిన్న జ్వరం మొదలైన పంది రక్తం మంచి నమూనా. సీరం తీసి యాంటీబాడీలు చూడడం ఈ దశలో పెద్దగా ఉపయోగపడదు. అవి పుట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది, టీకా వేసిన పందుల్లో టీకా వల్ల వచ్చినవీ జబ్బు వల్ల వచ్చినవీ మామూలు పరీక్షలో వేరుగా తెలియవు.

పంది చనిపోతే యజమాని గానీ పనివాళ్లు గానీ కోసి చూడకూడదు. ఒకవేళ అది ఆఫ్రికన్ జబ్బు అయితే నేల మీద పడిన రక్తం నెలల తరబడి ముప్పుగా మిగులుతుంది. శవాన్ని తెరవాలా వద్దా, ఎక్కడ తెరవాలి అన్నది వైద్యుడే నిర్ణయిస్తాడు. తెరిచినప్పుడు ఆయన వెతికేవి ఇవి: మూత్రపిండం పైపొర ఒలిస్తే సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న రక్తపు చుక్కలు, కోస్తే పాలరాతి గీతల్లా ఎరుపు తేలిన లింఫ్ గ్రంథులు, ప్లీహం అంచుల వెంట ఉబ్బిన నల్లని మచ్చలు, దీర్ఘకాలం బాధపడిన పందుల్లో పెద్ద పేగు లోపల చొక్కా గుండీల్లా గుండ్రంగా లేచిన పుండ్లు. ప్లీహం అంచు మచ్చలు ఉంటే అనుమానం బాగా బలపడుతుంది, లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. టాన్సిల్, ప్లీహం, మూత్రపిండం, లింఫ్ గ్రంథులు, చిన్నపేగు చివరి భాగం ముక్కలను విడివిడిగా సంచుల్లో కట్టి మంచు పెట్టెలో పంపుతారు. ఫార్మలిన్‌లో వేసిన ముక్క సూక్ష్మదర్శిని పరీక్షకు పనికొస్తుంది గానీ వైరస్‌ను పట్టుకోవడానికి తగినది కాదు. నమూనాలు జిల్లా, రాష్ట్ర ప్రయోగశాలల మీదుగా, అవసరమైతే దక్షిణాది రాష్ట్రాల కోసం బెంగళూరు హెబ్బాళ్‌లో ఉన్న ప్రాంతీయ వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు వెళ్తాయి. ఆఫ్రికన్ జబ్బు అనుమానం ఉంటే భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థకు పంపుతారు. పీసీఆర్ పరీక్ష రెండు జబ్బులనూ కచ్చితంగా వేరు చేస్తుంది.

పందులకు బీమా ఉంటే శవాన్ని పూడ్చకముందే బీమా సంస్థకు తెలియజేసి, చెవి ట్యాగు కనిపించేలా ఫొటో తీసి, వైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. ట్యాగును విడిగా తీసి దాచుకుంటే దానికి విలువ ఉండదు.

మొదటి వారం ఎలా నడుస్తుంది

బుధవారం నాటికి మేత మానిన పిల్ల చనిపోయిందనుకుందాం. షెడ్డు ఆవరణలోనే, బావికీ బోరుకూ వాగుకూ దూరంగా, నీరు ఊరని చోట ఆరడుగుల లోతు గొయ్యి తీయించి, శవాన్ని నేల మీద ఈడ్చకుండా ప్లాస్టిక్ పట్టాలో చుట్టి తెచ్చి దించాలి. దాని చుట్టూ సున్నం చల్లి, పైన కనీసం మూడడుగుల మందాన మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేయాలి. ఆ పంది పడుకున్న చోటి పేడ, మిగిలిన మేత కూడా అదే గొయ్యిలోకి వెళ్లాలి. చెరువు గట్టునో కాలువలోనో పారేసిన ఒక్క శవం ఊర పందుల నోటికి చిక్కితే ఊరి మొత్తానికి జబ్బు తాకుతుంది.

తరువాత కడగడం. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది కాబట్టి సబ్బు నీరు కూడా దాన్ని దెబ్బతీస్తుంది, కానీ పేడ పొర కింద దాగిన వైరస్‌ను ఏ మందూ అందుకోదు. ముందు పేడ గీకి, సబ్బు నీళ్లతో రుద్ది, ఆరనిచ్చి, ఆ తరువాతే కాస్టిక్ సోడా ద్రావణం పోయాలి. 10 లీటర్ల నీటికి 200 గ్రాములు కలిపితే 2 శాతం ద్రావణం అవుతుంది. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే చిమ్మి కళ్లు పోతాయి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పందులు ఉన్న గదిలో దీన్ని వాడకూడదు, ఖాళీ చేసిన గదిలో పోసి అరగంటకు పైగా ఉంచి మంచినీటితో కడగాలి. గేటు దగ్గర కాళ్లు ముంచే తొట్టి పెట్టేవారు చాలామందే ఉన్నారు గానీ, మూడు రోజుల నాటి బురద నీళ్లున్న తొట్టి ఉన్నా లేనట్టే. దాన్ని రోజూ మార్చాలి, బూట్ల అడుగున పేడ కడిగాకే అందులో కాలు పెట్టాలి.

జబ్బు పందులకు వైరస్‌ను చంపే మందు లేదు. వైద్యులు ఇచ్చే యాంటీబయోటిక్, గ్లూకోజు తోడుగా వచ్చే బ్యాక్టీరియాను అదుపు చేయడానికి మాత్రమే. ఖర్చుపెట్టి బతికించిన పంది కొన్నిసార్లు కోలుకున్నట్టు కనిపించి, నెల రెండు నెలలు జ్వరం వస్తూ పోతూ చిక్కిపోతుంది. అంతకాలమూ అది వైరస్‌ను వదులుతూనే ఉంటుంది. నిర్ధారణ అయిన మందలో చికిత్స కంటే జబ్బు పందులను అధికారుల సూచన మేరకు నొప్పి లేకుండా తొలగించడమే మిగతావాటికి మేలన్నది నా అభిప్రాయం.

శుక్రవారం ఫలితం వచ్చి, అది క్లాసికల్ స్వైన్ ఫీవరేనని తేలిందనుకుందాం. అప్పుడు పశుసంవర్ధక శాఖ చుట్టుపక్కల షెడ్లలో టీకా వేస్తుంది. ఆ పని దూరపు షెడ్ల నుంచి మొదలై జబ్బు షెడ్డు వైపు రావాలి, ఎదురు దిశలో సాగితే టీకా వేసే మనుషులే వైరస్‌ను మోసుకెళ్తారు. మన షెడ్డులోనైతే థర్మామీటరు పెట్టి జ్వరం లేనివాటికే, పందికి ఒక సూది చొప్పున వేస్తారు. రక్షణ వేసిన గంటలో రాదు, టీకా రకాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోగా టీకా వేసిన పంది చనిపోతే తప్పు టీకాది కాదు, చాలావరకు దానికి ముందే జబ్బు సోకి ఉంటుంది. ఈ సంగతి యజమానికి టీకాకు ముందే చెప్పాలి. లేకపోతే టీకా వేస్తే పందులు చచ్చాయన్న మాట ఊరంతా పాకి మరుసటి ఏడు ఎవరూ వేయించుకోరు.

మామూలు రోజుల్లో టీకా

మన దేశంలో దశాబ్దాలుగా వాడినది కుందేళ్లలో పెంచిన వైరస్‌తో చేసే టీకా. ఒక్కో కుందేలు నుంచి వచ్చేది సుమారు 50 డోసులే కావడంతో ఎప్పుడూ కొరతే. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ కణాల్లో పెంచి తయారుచేసే టీకాను రూపొందించింది, 2020లో విడుదలైన దాని కొత్త టీకా మన దేశపు వైరస్ నుంచే చేసినది. అందులో డోసు ఖర్చు రెండు రూపాయల లోపే ఉంటుందనీ, రక్షణ 14వ రోజు నుంచి 18 నెలల దాకా నిలిచిందనీ ఆ సందర్భంగా ప్రకటించారు. మీకు దొరికింది ఏ రకమో సీసా మీద చదివి, మళ్లీ ఎప్పుడు వేయాలన్నది ఆ కాగితం ప్రకారమే నిర్ణయించుకోవాలి.

పిల్లలకు ఎప్పుడు వేయాలన్న దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. టీకా వేసిన తల్లి జున్నుపాల ద్వారా పిల్లలకు యాంటీబాడీలు ఇస్తుంది. ఇవి జబ్బు నుంచి కాపాడేవే గానీ, టీకాలోని బతికున్న వైరస్‌ను కూడా చంపేస్తాయి. కాబట్టి మూడు వారాల పిల్లకు టీకా వేస్తే సూది నొప్పి తప్ప ఫలితం ఉండదు. తల్లి యాంటీబాడీలు సుమారు రెండు వారాలకోసారి సగానికి తగ్గుతూ వస్తాయి. అవి టీకాకు అడ్డురాని స్థాయికి దిగే దాకా ఆగాలి, పూర్తిగా పోయే దాకా ఆగితే పిల్ల రక్షణ లేకుండా మిగులుతుంది. అందుకే టీకా వేసిన తల్లుల పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేయడం వాడుకలో ఉంది. తల్లికి ఎప్పుడూ టీకా వేయకపోతే ఆ అడ్డంకి ఉండదు కాబట్టి ఇంకా ముందే వేయవచ్చు, ఆ వయసును వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఆడ పందులకు పాలు మాన్పించాక, మళ్లీ కట్టించడానికి ముందు వేయించడం వీలైన సమయం. చూడి పందులకు సీసా మీది కాగితం అనుమతిస్తే తప్ప వేయకూడదు.

మన షెడ్డులో తల్లులతో సహా ఏటా టీకా వేయిస్తూ వచ్చి ఉంటే, జబ్బు రాకముందు లెక్క ఇలా ఉండేది. మగ పంది 1, చూడి లేని ఆడ పందులు 3, ఎదిగే పిల్లలు 14, మొత్తం 18. చూడితో ఉన్న రెండింటికి ఈనిన తరువాత, ఆరు వారాల పిల్లలకు మరో రెండు వారాలు ఆగి. పది డోసుల సీసాలు రెండు చాలు. ఒక సీసా కలిపి పది పందులకు వేశాకే రెండోది తెరవాలి. పొడిగా ఉన్న టీకాను దానితో వచ్చిన ద్రావణంతోనే, అదీ చల్లగా ఉన్నదానితో కలపాలి, కలిపాక మంచు మీద నీడలో ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. డోసు సాధారణంగా 1 మిల్లీలీటరు, చెవి వెనక మెడ దగ్గర, చర్మం కిందా కండలోకా అన్నది కాగితం చెబుతుంది. సిరంజిని మరిగించి చల్లార్చి వాడాలి. స్పిరిట్‌తో గానీ డెట్టాల్‌తో గానీ కడిగితే ఆ మిగిలిన తడే టీకా వైరస్‌ను చంపుతుంది. సీసా దుకాణం ఫ్రిజ్ నుంచి షెడ్డు దాకా స్కూటరు డిక్కీలో ఎండలో వచ్చిందా, మంచు ముక్కలున్న ఫ్లాస్కులో వచ్చిందా అన్నదే చాలాసార్లు ఆ టీకా పనిచేసిందా లేదా అన్నదాన్ని తేలుస్తుంది. జ్వరం ఉన్నవాటికీ, బాగా చిక్కినవాటికీ ఆ రోజు వేయకూడదు. వేసిన పందుల చెవి నంబర్లు, తేదీ, సీసా బ్యాచ్ నంబరు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. జబ్బు అనుమానం వచ్చినప్పుడు వైద్యుడు మొదట అడిగేది ఆ పుస్తకాన్నే.

షెడ్డును మళ్లీ నింపడం

జబ్బుతో ఖాళీ అయిన షెడ్డును రెండుసార్లు కడిగి మందు పోశాక కనీసం 30 రోజులు ఖాళీగా ఉంచాలి. తరువాత అన్నిటినీ ఒకేసారి తేకుండా, నాలుగైదు పందులను మాత్రం తెచ్చి అన్ని గదుల్లో తిరగనిచ్చి, 40 రోజుల పాటు థర్మామీటరుతో గమనించాలి. వీటికి టీకా వేయకుండా ఉంచితేనే షెడ్డులో మిగిలిన వైరస్ బయటపడుతుంది కనుక ఆ ఏర్పాటు వైద్యుడి పర్యవేక్షణలో జరగాలి. మిగతా మందను టీకా వివరాలు రాసి ఇచ్చే చోటే కొని, తెచ్చాక కనీసం మూడు వారాలు విడి గదిలో ఉంచి, రోజు మార్చి రోజు జ్వరం చూసి కలపాలి. మొదటి కథలో సంత పిల్లలను ఇలా ఉంచి ఉంటే ఆ సోమవారం జ్వరం ఆ రెండింటితోనే ఆగేది.

హోటల్ మిగులు మానడం చాలామందికి సాధ్యం కాదు, దాణా కొని పంది పెంచితే లెక్క తేలదు. అలాంటప్పుడు తెచ్చినదాన్నంతా పెద్ద పాత్రలో పోసి, కలియబెడుతూ కనీసం గంటసేపు కుతకుత ఉడికించాలి. పైన ఆవిరి వచ్చినంత మాత్రాన లోపలి మాంసం ముక్కలు ఉడికినట్టు కాదు. పచ్చి మిగులు తెచ్చే డ్రమ్ముకు ఎర్ర రంగు, ఉడికినదాన్ని పోసే బకెట్‌కు తెల్ల రంగు వేసి, ఎర్ర డ్రమ్మును పొయ్యి దాటి షెడ్డు వైపు రానివ్వకూడదు.